అప్‌డేట్: సర్పిలం మాత్రికది కాదు, నా లెక్కింపు పద్ధతిది

నా ప్రశ్న: “x' = y, y' = −4x. ఐగెన్ విలువలు ±2i కాబట్టి దీర్ఘవృత్తం రావాలి. నా గ్రాఫ్ మాత్రం బయటికి విచ్చుకునే సర్పిలంగా వస్తోంది. తప్పెక్కడ?”

సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. ఒంగోలులో మా పాత లెక్చరర్ గారికి నోట్‌బుక్ చూపిస్తే, ఆయన కాగితం మీద నాలుగు పంక్తుల్లో తేల్చేశారు.

మాత్రిక వాస్తవమైనది కనుక సంకీర్ణ ఐగెన్ విలువలు a ± ib అనే సంయుగ్మ జంటగానే వస్తాయి. ఆ రెండు పరిష్కారాలను తగినట్లు కలిపితే i తొలగి e^(at) cos bt, e^(at) sin bt మిగులుతాయి. బిందువును తిప్పేది b, లోపలికి లాగేదీ బయటికి నెట్టేదీ a. నా సమీకరణంలో a = 0, కాబట్టి 4x² + y² మారకూడదు.

నేను వాడినది ఆయిలర్ పద్ధతి. అది ప్రతి అడుగులో ఐగెన్ విలువ λ ఉన్న దిశను 1 + hλ తో గుణిస్తుంది. h = 0.1 అయితే |1 + 0.2i|² = 1.04, అంటే 4x² + y² అడుగుకు 4 శాతం పెరుగుతుంది. 100 అడుగుల తర్వాత వక్రం సుమారు 7 రెట్లు విస్తరించింది. h తగ్గిస్తే పెరుగుదల నెమ్మదిస్తుందే గాని ఆగదు.

పనిచేసిన సూచన ఇది: ముందు y ని మార్చి, x కి ఆ కొత్త y నే వాడటం.

```
y = y - 4*h*x
x = x + h*y
```

ఇప్పుడు వక్రం మూసుకుంటోంది, కొద్దిగా వాలిన దీర్ఘవృత్తంగానే అయినా. రౌండింగ్ దోషమన్న అనుమానానికి, నేను రెండు రోజులు పోగొట్టుకున్న ఐగెన్ సదిశల పునఃగణనకు దీనితో సంబంధం లేదు.