ఏడో తరగతి ప్రదర్శనకు అగ్నిపర్వతం చాలదా?

సుజాత: మా అబ్బాయి ఏడో తరగతి. బడిలో సైన్స్ ప్రదర్శన పెట్టారు, ఇంట్లో దొరికే వస్తువులే వాడాలట. వాడికి వంటసోడా, వెనిగర్‌తో అగ్నిపర్వతం చేయాలని సరదా. వాళ్ళ నాన్నేమో అది బొమ్మే గాని సైన్స్ కాదంటున్నారు. మీరేమంటారు? కాదంటే అదే సామానుతో ఇంకేం చేయించవచ్చు?

రాఘవరావు: చేయనివ్వండి తల్లీ. అందరూ చేసేదే అయినా నురగ పొంగగానే పిల్లలు ఆ బల్ల చుట్టూ మూగుతారు. పదకొండు పన్నెండేళ్ళ వాడికి ఆ ఉత్సాహం చాలదా? లెక్కలు, గ్రాఫులు పైతరగతుల్లో ఎలాగూ తప్పవు.

సత్యం మాస్టారు: రాఘవరావు గారూ, ఉత్సాహాన్ని నేనూ కాదనను. నా అభ్యంతరం వేరే. ఆ అగ్నిపర్వతం చూసిన పిల్లవాడు కొండలోపల జరిగేది కూడా ఇదేననుకుంటాడు. కరిగిన రాతిలో ఇమిడి ఉన్న వాయువులు విడుదలై లావాను పైకి తోస్తాయన్న ఒక్క విషయంలోనే పోలిక ఉంది. అక్కడ సోడా లేదు, వెనిగర్ లేదు. పైగా ఈ రెండూ కలిసినప్పుడు గిన్నె చల్లబడుతుంది. చేత్తో తాకి చూడమనండి, తెలుస్తుంది. చల్లబడే అగ్నిపర్వతం ఎక్కడైనా ఉందా?

సుజాత గారూ, అదే సోడా, అదే వెనిగర్ ఉంచండి, ప్రశ్న మార్చండి. సోడా ఎంత ఎక్కువ వేస్తే వాయువు అంత ఎక్కువ వస్తుందా? నాలుగు ఖాళీ నీళ్ళ సీసాలు తీసుకుని ఒక్కోదానిలో 50 మి.లీ. వెనిగర్ పోయించండి. నాలుగు బెలూన్లలోకి కాగితపు గరాటుతో పావు, అర, ముప్పావు, నిండు టీ చెంచా సోడా వేయించండి. చెంచా పైన చాకు వీపుతో చదును చేయాలి. పావు చెంచాను కంటితో అంచనా వేయకండి. చదును చేసిన నిండు చెంచాను కాగితం మీద బోర్లించి, చాకుతో నాలుగు సమభాగాలు చేయండి. బెలూన్ మూతిని సీసాకు తొడిగాక, దాన్ని పైకెత్తి సోడా లోపలికి జారేలా చేయాలి. నురగ తగ్గాక బెలూన్ నడుము చుట్టూ దారం చుట్టి, ఆ దారాన్ని స్కేలు మీద కొలవాలి.

సీసా మీద ఆమ్లం 4 శాతం అని రాసి ఉంటే 50 మి.లీ.లో సుమారు 2 గ్రాముల ఆమ్లం ఉంటుంది. దానికి 2.8 గ్రాముల సోడా సరిపోతుంది. చదును చేసిన టీ చెంచా నాలుగున్నర గ్రాముల పైనే తూగుతుంది కాబట్టి అర చెంచా దాటిన కాసేపటికే వెనిగర్ అయిపోతుంది. ముప్పావు చెంచా బెలూన్‌కు, నిండు చెంచా బెలూన్‌కు పెద్ద తేడా ఉండకూడదు. పిల్లవాడు అక్కడ ఆగి "ఎందుకు?" అనుకోవాలి. ఆ క్షణం అగ్నిపర్వతంలో రాదు.

ప్రసాద్: ఇలాంటివాటికి బహుమతి రాదండీ. మా అమ్మాయి ఇన్‌స్పైర్ మానక్‌కు వెళ్ళింది. అక్కడ సమస్యకు పరిష్కారం చూపే ఆలోచన కావాలి, ఎంపికైతే నమూనా తయారీకి పదివేలు ఇస్తారు. మేము మోటారు, సెన్సారు కొని పెట్టాం. మీరూ పొలానికి నీళ్ళు పెట్టే యంత్రం లాంటిది ఏదైనా ఆలోచించండి.

సుజాత: ప్రసాద్ గారూ, ఇది బడి లోపల జరిగే చిన్న ప్రదర్శనేనండీ. మోటారు కొంటే ఇంటి సామాను నియమం పోతుంది.

హిమబిందు: మాస్టారు చెప్పింది బాగుంది. దానికి నేనొకటి చేరుస్తాను. సీసాలో ఏది మిగిలిందో తెలుసుకోవడానికి పసుపు వేయండి. సోడా మిగిలితే ఎర్రబడుతుంది, వెనిగర్ మిగిలితే పసుపుగానే ఉంటుంది. పారాణికి పసుపులో సున్నం కలిపితే ఎర్రబడదూ? అదే సూత్రం.

సత్యం మాస్టారు: సూత్రం సరైనదేనమ్మా, ఈ సీసాలో మాత్రం మోసం చేస్తుంది. సున్నం ఘాటైన క్షారం, వంటసోడా చాలా మెతక. నీళ్ళలో కలిపిన సోడాకే పసుపు స్పష్టంగా ఎర్రబడదు, కాస్త నారింజ ఛాయకు తిరిగి ఆగిపోతుంది. మన సీసాలో నీరేమో వాయువుతో నిండి గోలీసోడాలా ఉంటుంది, కరిగిన ఆ వాయువు ఆమ్లగుణం చూపుతుంది. కాబట్టి సోడా మిగిలి ఉన్నా పసుపు మారకపోవచ్చు, పిల్లవాడు "సోడా అయిపోయింది" అని తప్పుగా రాసుకుంటాడు.

ఇంతకంటే తేలిక దారి ఉంది. బెలూన్ తీసేశాక, అడుగున మిగిలిన ద్రవాన్ని రెండు గ్లాసుల్లోకి పంచండి. ఒకదానిలో కొత్త వెనిగర్ చెంచాడు పోయండి, ఇంకోదానిలో చిటికెడు సోడా వేయండి. మొదటిది గట్టిగా బుస్సుమంటే సోడా మిగిలిందని అర్థం. రెండోది బుస్సుమంటే వెనిగర్ మిగిలింది. పావు చెంచా సీసాలో రెండోది పొంగాలి, నిండు చెంచా సీసాలో మొదటిది పొంగాలి.

కిరణ్: మా ఇంట్లో దాదాపు ఇలాగే చేసి చూశాం. బెలూన్ కొలతలు ఒక్కటీ సరిగా రాలేదు. నిండు చెంచా కంటే ముప్పావు చెంచా బెలూనే పెద్దదైంది!

సత్యం మాస్టారు: కిరణ్ గారూ, అలా కావడానికి కారణాలు ఉన్నాయి. కొత్త బెలూన్ బిగుతుగా ఉంటుంది. ముందు ఒకసారి నోటితో ఊది గాలి తీసేసి వాడితే అన్నీ ఒకేలా సాగుతాయి. తొడిగేటప్పుడు సోడా ముందే జారిపోతే ఆ వాయువు బయటికి పోతుంది, అప్పుడు ఆ సీసాను వదిలేసి మళ్ళీ మొదలుపెట్టాలి. నాలుగు సీసాలనూ కలిపిన తర్వాత ఒకే సమయానికి, అంటే అయిదు నిమిషాలకనుకుందాం, కొలవాలి. ఈ వాయువు రబ్బరు గుండా మెల్లగా బయటికి పోతుంది గనుక ఆలస్యంగా కొలిచింది చిన్నదిగా కనబడుతుంది.

ఇంకో చిక్కు దారంతోనే వస్తుంది. లెక్క ప్రకారం పావు చెంచాకు సుమారు మూడో వంతు లీటరు వాయువు, అర చెంచాకు దానికి రెట్టింపు రావాలి. గుండ్రటి బెలూన్ అయితే దారం కొలత 27 సెంటీమీటర్ల నుంచి 34కు పెరుగుతుంది, అంతే. పిల్లలు అది చూసి "పావు వంతే పెరిగింది" అని రాసేస్తారు. చుట్టుకొలత పావు వంతు పెరిగితే లోపలి చోటు రెట్టింపవుతుంది. ఇక గరిష్ఠం దగ్గర దారం 36, 37 సెంటీమీటర్ల వద్ద ఆగాలి. మీ అంకెలు దీనికంటే కాస్త తక్కువే రావచ్చు, ఎందుకంటే కొంత వాయువు నీటిలోనే కరిగిపోతుంది, బెలూన్ కూడా పూర్తి గుండ్రంగా ఉండదు.

రాఘవరావు: చుట్టుకొలతకూ లోపలి చోటుకూ ఉన్న సంబంధం ఏడో తరగతి వాడికి ఎలా చెబుతారు మాస్టారూ? మీరు చెప్పింది చివరకు తండ్రి చేసి పెట్టే ప్రాజెక్టే అవుతుంది. నా అగ్నిపర్వతం వాడు ఒక్కడే చేసుకుంటాడు.

సత్యం మాస్టారు: అది నిజమైన ఇబ్బందే. ఒక దారి ఉంది. లీటరు సీసాతో నీళ్ళు కొలుస్తూ బెలూన్ నింపి, దారం 27కు వచ్చినప్పుడు, 34కు వచ్చినప్పుడు ఎన్ని నీళ్ళు పట్టాయో వాడినే చూడమనండి. సూత్రం చెప్పనక్కర్లేదు. అప్పటికీ కొందరు తల్లిదండ్రులు వాళ్ళే చేసేస్తారు, దాన్ని మనం ఆపలేం.

లక్ష్మి: వెనిగర్ అందరి ఇళ్ళలో ఉంటుందా? మా ఊళ్ళో ఎవరి వంటింట్లోనూ కనబడదు. నిమ్మకాయ పిండితే కుదరదా?

సత్యం మాస్టారు: కుదురుతుంది లక్ష్మి గారూ, కాని 50 మి.లీ. రసానికి రెండు మూడు కాయలైనా కావాలి, నాలుగు సీసాలకు అది ఖర్చే. పులుపు కాయకూ కాయకూ మారుతుంది కాబట్టి మొత్తం రసాన్ని ముందే ఒక గిన్నెలో పిండి, కలిపి, వడకట్టి, నాలుగు సీసాలకూ దాన్నుంచే పోయాలి. ఏ చెంచా దగ్గర ఆగుతుందో మాత్రం నేను ముందే చెప్పలేను, కాయల పులుపును బట్టి ఉంటుంది.

హిమబిందు: చింతపండు పులుసైతే?

సత్యం మాస్టారు: పులుసు చిక్కగా ఉంటే నురగ బెలూన్‌లోకి ఎగబాకుతుంది. పలచగా చేసి చూడవచ్చు.

సుజాత: సరే, బెలూన్లే చేయిస్తాను. అయితే వాడు ఒక సీసా చుట్టూ బంకమట్టితో కొండ కడతానంటున్నాడు.

రాఘవరావు: కట్టనివ్వండి!

సత్యం మాస్టారు: కొలిచే నాలుగు సీసాలకు కాకుండా అయిదో సీసాకు కట్టమనండి. దాని కొలత మాత్రం పట్టికలో రాయనివ్వకండి.