ఖర్చు తక్కువున్న ఇండెక్స్ ఫండే ఎక్కువ వెనకబడింది, ఎందుకు?

పర్లాకిమిడి నుంచి రాస్తున్నానండీ. మేనకోడలి పేరున లక్ష రూపాయలు 30 ఏళ్లకు నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్‌లో వేయాలి. రెండు డైరెక్ట్ ప్లాన్లు దగ్గర పెట్టుకున్నాను. మొదటిదాని ఎక్స్‌పెన్స్ రేషియో 0.10 శాతం, రెండోదానిది 0.20.

కానీ అయిదేళ్ల రాబడి చూస్తే మొదటిది ఇండెక్స్ కంటే ఏడాదికి 0.45 శాతం వెనకబడింది, రెండోది 0.25 శాతమే. పోల్చింది డివిడెండ్లు కలిపిన టీఆర్ఐతోనే. ఉత్త నిఫ్టీ అంకెతో పోలిస్తే డివిడెండ్లు లెక్కలోకి రావు, ఫండ్ లోటు కనబడదు.

ఇండెక్స్ ఏడాదికి 11 శాతం పెరుగుతుందని, ఈ లోటు ఇలాగే ఉంటుందని అనుకుంటే, 30 ఏళ్లకు మొదటి ఫండ్‌లో లక్ష 20.27 లక్షలవుతుంది, రెండోదాంట్లో 21.39 లక్షలు. ఏడాదికి 0.20 శాతం తేడా చివరికి వేసిన అసలు కంటే ఎక్కువే తినేస్తోంది! అందుకే ఇంత పట్టుగా అడుగుతున్నాను.

రెండింటి ట్రాకింగ్ ఎర్రరూ దాదాపు సమానం. అది తేడా రోజురోజుకీ ఎంత ఊగుతోందో చెబుతుంది గానీ ఎంత పోయిందో చెప్పదు. రోజూ ఒకేలా కోత పడితే ఎర్రర్ తక్కువే కనిపిస్తుంది.

మొదటి ఫండ్‌లో రేషియో పోగా మిగిలిన 0.35 శాతం ఎటు పోయింది? నగదు ఎక్కువ ఉంచుకోవడమా, షేర్లు మార్చేటప్పటి ఖర్చా, లేక రేషియో ఈమధ్యే తగ్గించి, పాత ఏళ్ల భారం అయిదేళ్ల అంకెలో మిగిలిందా? చివరిదే అయితే మొదటిదే మేలు కావచ్చు. ఏడాదివారీగా విడదీసి ఎలా చూడాలో తెలిసినవారు చెప్పండి.