సగ్గుబియ్యం కిచిడీ ముద్ద కాకూడదంటే: నానబెట్టే సమయమా, మంటా, మూతా?

అడిగినవారు: ఏకాదశికి రెండు గ్లాసుల సగ్గుబియ్యం రాత్రి గిన్నె నిండా నీళ్లు పోసి నానబెట్టాను. పొద్దున నీళ్లు వంచేసి, మూత పెట్టి సన్న మంట మీద పది నిమిషాలు ఉంచితే అంతా ఒకే ముద్ద. నాలుగు గంటలే నానబెట్టాల్సిందా?

పుణే వంటిల్లు: గంటలు కాదండీ, నీళ్లు ఎక్కువయ్యాయి. గిన్నె నిండా పోస్తే గింజ పీల్చుకోగలిగినంతా పీల్చుకుంటుంది. పైపొర మెత్తబడి రాలుతుంది. పొద్దున ఎంత వంచినా ఆ పిండి జిగురు గింజల మధ్యే ఉండిపోతుంది. ముందు మూడు నాలుగు సార్లు కడగండి. మొదటి నీళ్లు పాలలా వస్తాయి, తేటగా వచ్చేదాకా ఆపకండి. గట్టిగా మాత్రం రుద్దకండి, గింజ విరిగితే మళ్లీ పిండే. కడిగాక నీళ్లు పూర్తిగా వంచి, గిన్నెలో సమంగా పరిచి, గింజలు సరిగ్గా మునిగేంతే పోయండి. గ్లాసు సగ్గుబియ్యానికి ముప్పావు నుంచి ఒక గ్లాసు పడుతుంది. అలాగైతే నాలుగైదు గంటలు ఉంచినా, రాత్రంతా ఉంచినా పెద్ద తేడా రాదు, తాగడానికి అదనపు నీళ్లే లేవు కదా. ఒక్క గింజ తీసి బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య నొక్కండి. లోపల గట్టి పలుకు తగలకుండా పూర్తిగా నలిగిపోవాలి, కానీ చేతికి తడి అంటకూడదు.

వరంగల్ నుంచి: నానడం గురించి ఇంత ఎందుకు? మంట పెద్దగా పెట్టి నాన్‌స్టిక్ కడాయిలో గబగబా కలిపితే అంటుకోదు. పల్లీల పొడి కూడా బాగా పడాలె.

పుణే వంటిల్లు: పల్లీల పొడి మాట ముమ్మాటికీ నిజం. గ్లాసు సగ్గుబియ్యానికి అర గ్లాసు, దోరగా వేయించి బరకగా కొట్టింది. పొయ్యి మీద కాదు, ముందే గిన్నెలో ఉప్పు, చెంచా చక్కెరతో పాటు సగ్గుబియ్యానికి పట్టించాలి. పొడి తడిని లాక్కుని ఒక్కో గింజ చుట్టూ పొరలా నిలుస్తుంది. పెద్ద మంట మాత్రం వద్దండీ. అడుగు గింజలు ఉడికి జిగురెక్కేసరికి పైవి తెల్లగానే ఉంటాయి. వాటి కోసం ఇంకా కలుపుతారు, అప్పటికే ఉడికినవి చితుకుతాయి.

గోదావరి వంటలు: మేం పాయసానికి వేడినీళ్లు పోసి అరగంటలో నానబెట్టేస్తాం, బాగానే వస్తుంది. కిచిడీకీ అదే చేయొచ్చుగా?

పుణే వంటిల్లు: పాయసంలో ఆ జిగురే చిక్కదనం ఇస్తుంది, కిచిడీకి అదే శత్రువు. వేడినీళ్లకు పైపొర అప్పుడే ఉడికి జిగటవుతుంది, లోపల పలుకు అలాగే ఉంటుంది. పైగా గాజుపూసల్లా మెరిసే నైలాన్ సగ్గుబియ్యమైతే కిచిడీకి తెచ్చుకోకండి. తెల్లగా, మసకగా ఉండే మామూలు రకం కావాలి. సన్న గింజైతే రెండు మూడు గంటలకే నానుతుంది.

అడిగినవారు: మరి పొయ్యి మీద ఎంతసేపు? మూత సంగతి?

పుణే వంటిల్లు: మీ రెండు గ్లాసులూ నానితే దాదాపు రెట్టింపవుతాయి, అందుకే రెండు వాయిలుగా చేయండి. వెడల్పాటి మూకుడులో రెండు పెద్ద చెంచాల నెయ్యి, జీలకర్ర, పచ్చిమిర్చి, ఉడికించిన బంగాళదుంప ముక్కలు వేసి, ఆపై సగ్గుబియ్యం. మధ్యస్థం మంట మీద అడుగు నుంచి పైకి తిరగేస్తూ ఐదారు నిమిషాలు, అంతే. తెల్ల గింజలు ఒక్కొక్కటీ అద్దంలా మారుతుంటాయి. పదింట ఎనిమిది మారి, మిగతావాటి నడుమ చిన్న తెల్ల చుక్క కనిపిస్తున్నప్పుడే దించేయండి. ఆ వేడికే అవి ఉడుకుతాయి. మూత అక్కర్లేదు. ఆవిరి చుక్కలై మళ్లీ గింజల మీదే పడుతుంది. నిమ్మరసం దించాకే.

నాగపూర్ తెలుగింటి: మూత విషయంలో ఒప్పుకోను. నెయ్యి తక్కువ వేసేవాళ్లకు మూత లేకపోతే గింజ పైన ఎండి, చల్లారాక రబ్బరులా సాగుతుంది. చివర్లో ఒక్క నిమిషం, అదీ సన్న మంట మీద మూత పెడితే మెత్తగా ఉంటుంది. విదర్భలో చాలా ఇళ్లల్లో ఇలాగే చేస్తారు.

పుణే వంటిల్లు: నానడం సరిగ్గా కుదిరితే ఆ నిమిషం వల్ల నష్టం లేదు, ఒప్పుకుంటాను. తడి ఎక్కువైన సగ్గుబియ్యానికి మాత్రం ఆ నిమిషమే చాలు ముద్ద కావడానికి.

వరంగల్ నుంచి: ఇప్పటికే తడి ఎక్కువై ఉంటే పారేయాల్నా?

నాగపూర్ తెలుగింటి: పారేయకండి. చిల్లుల గిన్నెలో వంచి, పొడి నూలుగుడ్డ మీద అరగంట పలచగా పరిస్తే చాలావరకు ఆరుతుంది. తర్వాత పల్లీల పొడి ఇంకో రెండు చెంచాలు కలపండి. అలా కాక, నానినా లోపల పలుకు మిగిలితే రెండు చెంచాల నీళ్లు చిలకరించి మూతేసి మరో అరగంట నాననివ్వండి. మూకుడులో ముద్ద కట్టాక మాత్రం విడదీయడం కుదరదు, గరిటె పెట్టినకొద్దీ ఇంకా సాగుతుంది. దానికి ఇంకో దుంప, పల్లీల పొడి కలిపి వడలు ఒత్తుకోండి.