ఆడబిడ్డకి మర్యాదగా ఎలా చెప్పాలి?

మిర్యాలగూడ అమ్మాయి: ఈ మధ్యే డాలస్ వచ్చాను. మా ఆయన అక్క నల్గొండలో ఉంటారు. ఆయన్ని చదివించింది ఆమే, మంచి మనిషి. కానీ ఇక్కడ ఏం చేయాలన్నా ఆమెను అడగాల్సిందే. మొన్న ఇండియన్ స్టోర్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఒక అపార్ట్‌మెంట్ నచ్చింది. నాకింకా డ్రైవింగ్ రాదు. ఆయన ప్లాన్ ఫొటో వాట్సాప్‌లో పంపితే, "ఈశాన్యంల బాత్రూమ్ ఉంది, ఆ ఇల్లు వద్దురా" అన్నారు. అంతే, వదిలేశాం. కట్టిన అప్లికేషన్ ఫీజూ పోయింది. వదినకి ఎలా చెప్పను?

పాలమూరు తమ్ముడు: మా బామ్మర్దీ అంతే అక్కా, షాద్‌నగర్ దగ్గర ప్లాట్ కొనమని వెంటపడుతున్నాడు. కాగితాలు చూడకుండా డబ్బు పంపకండి.

మిర్యాలగూడ అమ్మాయి: ప్లాట్ కాదు తమ్ముడూ, ఇక్కడి అద్దె ఇంటి గురించి.

దేవరకొండ అన్న: మీరు అసలు మెసేజే పెట్టొద్దమ్మా. అక్కకి తమ్ముడే చెప్పాలి. కోడలు నోరు విప్పితే తప్పంతా కోడలి మీదికే వస్తుంది.

సూర్యాపేట అక్క: ముందు ఆయనే ఫోన్‌లో చెప్పాలి, అది నిజం. కానీ మీరు ఊరుకుంటే "ఆమే వెనకుండి చెప్పిస్తోంది" అనుకుంటారు. మర్నాడు మీరూ పెట్టండి. ఫ్యామిలీ గ్రూపులో కాదు, ఆమె ఒక్కరికే. వాయిస్ మెసేజ్ వద్దు, నలుగురికీ వినిపిస్తారు. ఇలా రాయండి:

"వదినా, బాగున్నారా? నిన్న మీ తమ్ముడు చెప్పిన సంగతే నేనూ చెబుదామని. మా మంచి కోరే మీరు చెబుతారని మాకు తెలుసు. కానీ ఇక్కడ అద్దె ఇల్లు, కారు, నెల ఖర్చు మేమిద్దరం అనుకుని చేసుకుంటాం. నాకు డ్రైవింగ్ రాదు కాబట్టి ఈసారి స్టోర్ దగ్గరుండే ఇల్లే తీసుకుంటాం. సంతకాలయ్యాక మీకు చెబుతాం. రేపు నల్గొండలో ఇల్లు కట్టుకుంటే వాస్తు మీరే చూడాలి. పిల్లల్ని అడిగానని చెప్పండి."

కారణం ఒక్కటే చెప్పండి. నాలుగు చెబితే నాలుగింటికీ జవాబు వస్తుంది. ఇంకోటి, సంతకం కాకముందు ఫొటోలు పంపడం మీ ఆయన మానుకోవాలి. చూపించి మరీ సలహా వద్దంటే ఆమెకు చిన్నతనంగా ఉండదా? మెసేజ్ చూశాక ఆమె తప్పకుండా తమ్ముడికే ఫోన్ చేస్తారు, "గామె ఏంది గిట్ల పెట్టింది?" అని. "ఇద్దరం అనుకునే పెట్టినం అక్కా" అని ఆయన అనాలి. "దానికి తెల్వదులే" అన్నారంటే మళ్లీ మొదటికొస్తుంది.

దేవరకొండ అన్న: ఆయన అట్ల అంటాడని నమ్మకముంటేనే పెట్టండి మరి.

మిర్యాలగూడ అమ్మాయి: ఆయనకు చూపించాను అక్కా. మాట్లాడతానన్నారు కానీ "సంతకాలయ్యాక" అన్న వాక్యం తీసేయమంటున్నారు, అక్క బాధపడుతుందట.

సూర్యాపేట అక్క: వాస్తు మాట తీసినా ఫర్వాలేదు, ఆ వాక్యం మాత్రం ఉంచండి. మెత్తగా కావాలంటే "ఇల్లు ఖాయం కాగానే మొదటి ఫోన్ మీకే" అని రాయండి.

మిర్యాలగూడ అమ్మాయి: ఇది బాగుంది. రాత్రికి ఆయన్ని మళ్లీ అడుగుతాను.