గన్నవరం నుంచి చికాగోకు ఒకే టికెట్టా, రెండు ముక్కలా?

బ్రాడీపేట అన్న: మా తమ్ముడు ఆగస్టులో ఎంఎస్‌కి చికాగో వెళ్తున్నాడు. గన్నవరం నుంచి ఢిల్లీ, గల్ఫ్ మీదుగా ఒకే టికెట్ 86,000 చూపిస్తోంది. ఢిల్లీ నుంచి చికాగోకు మాత్రమే తీసుకుంటే 68,500. గన్నవరం–ఢిల్లీ విడిగా 5,800. అంటే 11,700 మిగులుతుంది. ఇలా విడగొట్టి కొనడం తప్పా? రిస్కు ఎంత?

కృష్ణలంక కుర్రాడు: తప్పేం లేదు అన్నా, కొనేయండి. నేను రెండుసార్లు బెంగళూరు మీదుగా దుబాయ్‌కి అలాగే వెళ్లాను. మధ్యలో నాలుగు గంటల గ్యాప్ ఉంటే చాలు. విమానం లేటయితే ఎయిర్‌లైన్ వాళ్లే తర్వాతి దాంట్లో ఎక్కిస్తారు, అది వాళ్ల బాధ్యత.

గవర్నర్‌పేట మాజీ టికెటింగ్: మొదటి మాట నిజం, చివరి మాట తప్పు. రెండు టికెట్లు కొనుక్కోవడం ఏ రూలుకీ విరుద్ధం కాదు, ఎవరూ ఆపరు. కానీ తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత మొత్తం ప్రయాణం ఒకే టికెట్ మీద ఉన్నప్పుడే. విడివిడిగా కొంటే గన్నవరం విమానం అయిదు గంటలు లేటయినా చికాగో ఎయిర్‌లైన్‌కి సంబంధం లేదు. వాళ్ల లెక్కలో మీ తమ్ముడు రాలేదు, అంతే. మొదటి విమానం పూర్తిగా రద్దయితే ఆ 5,800 వెనక్కి వస్తుంది, లేదా మరో విమానంలో సీటు ఇస్తారు. 68,500 గురించి వాళ్లను అడిగే హక్కు మీకు ఉండదు.

నేను పద్నాలుగేళ్లు టికెట్లు కొట్టాను. ఆగస్టు పిల్లల విషయంలో లేటు కంటే ముందు నేను అడిగేది సూట్‌కేసుల గురించి. అమెరికా టికెట్‌కి సాధారణంగా 23 కిలోల బ్యాగులు రెండు ఇస్తారు. మన ఇళ్లలో ఆ 46 కిలోల్లో ఒక్క గ్రాము కూడా వదలరు, గోంగూర పచ్చడికే ఒక మూల కేటాయిస్తారు. ఒకే టికెట్ అయితే మామూలుగా ఆ 46 కిలోలే గన్నవరం కౌంటర్లోనూ చెల్లుతాయి. విడిగా కొన్న దేశీయ టికెట్‌కి మామూలుగా 15 కిలోలే. మిగతా 31 కిలోలకు డబ్బు కట్టాలి. కిలో 500 అనుకున్నా 15,500. మీకు మిగులుతాయన్న 11,700 పోయి, ఇంకో 3,800 చేతి నుంచి పడుతుంది. ముందే ఆన్‌లైన్‌లో అదనపు బరువు కొంటే కొంచెం తగ్గుతుంది. ఆ ఎయిర్‌లైన్ సైట్లో మీ తేదీకి ఆ రేటు చూశాకే పోల్చండి.

రమ టీచర్, నరసరావుపేట: రైల్లో అయితే విడగొడితే ఎక్కువే అవుతుందండీ. దూరం పెరిగేకొద్దీ కిలోమీటరు రేటు తగ్గుతుంది కదా. పైగా రెండు టికెట్లకీ రిజర్వేషన్ ఛార్జి, సూపర్‌ఫాస్ట్ ఛార్జి విడివిడిగా పడతాయి. మేము ఢిల్లీకి వెళ్లినప్పుడు సీటు దొరక్క నాగపూర్ దగ్గర విడగొట్టాం. ఐఆర్‌సీటీసీలో రెండు పీఎన్‌ఆర్‌లూ లింక్ చేసుకోవచ్చు. మొదటి రైలు లేటయి రెండోది తప్పిపోతే ఆ రెండో టికెట్ డబ్బు కోత లేకుండా వస్తుంది, కాకపోతే దిగిన మూడు గంటల్లోపు టీడీఆర్ వేయాలి. విమానాలకూ అలా లింక్ చేయమని అడగండి.

గవర్నర్‌పేట మాజీ టికెటింగ్: టీచర్ గారూ, రైళ్ల విషయం మీరు సరిగ్గానే చెప్పారు, 2019 నుంచి ఉన్న సౌకర్యం అది. రైళ్లన్నీ ఒకే సంస్థవి కాబట్టి అలా కుదిరింది. వేర్వేరు ఎయిర్‌లైన్ల మధ్య కొన్న రెండు టికెట్లను తర్వాత కలపడం కుదరదు.

కృష్ణలంక కుర్రాడు: సరే, బ్యాగుల సంగతి ఒప్పుకుంటా. నేను దుబాయ్‌కి ఒక్క బ్యాక్‌ప్యాక్‌తో వెళ్లా. అయితే ఇంకో ఐడియా. ఒకే టికెట్ కొనేసి, గన్నవరం విమానం ఎక్కకుండా ముందురోజు రైల్లో ఢిల్లీ వెళ్లి అక్కడ ఎక్కొచ్చు కదా? లేటు టెన్షన్ ఉండదు.

గవర్నర్‌పేట మాజీ టికెటింగ్: అయ్యో, ఆ పని మాత్రం చేయించకు తమ్ముడూ. మొదటి ముక్క ఎక్కకపోతే ఆ టికెట్‌లో మిగిలినవన్నీ రద్దవుతాయి. రానూపోనూ టికెట్ అయితే తిరుగు ప్రయాణం కూడా పోతుంది. ఢిల్లీ కౌంటర్లో ఏడ్చిన వాళ్లను చూశాను. విడిగా కొనడంలో ఉన్న ఒకే ఒక నిజమైన లాభం ఇదే: గన్నవరం విమానం వదిలేసినా రెండో టికెట్ బతికే ఉంటుంది.

లక్ష్మీపురం అమ్మ: మా అబ్బాయి జనవరిలో వచ్చాడు. అమెరికా నుంచి ఢిల్లీకి ఒక టికెట్, ఢిల్లీ నుంచి గన్నవరానికి ఇంకో టికెట్. మూడున్నర గంటల గ్యాప్. పొగమంచు వల్ల మూడు గంటలు లేటుగా దిగాడు. ఇమిగ్రేషన్, బ్యాగులు, కస్టమ్స్ అయ్యేసరికి గన్నవరం విమానం వెళ్లిపోయింది. పైగా అది ఒకటో టెర్మినల్ నుంచట, దిగింది మూడో టెర్మినల్‌లో. మళ్లీ కొన్న టికెట్ 11,400. మేమిద్దరం పొద్దున నుంచి గన్నవరంలో కూర్చున్నాం, అది వేరే సంగతి.

బ్రాడీపేట అన్న: అమ్మా, మీ అబ్బాయి వచ్చేటప్పుడు జరిగింది కాబట్టి డబ్బుతో పోయింది. మావాడు వెళ్లేటప్పుడు తప్పిపోతే కాలేజీలో చేరే తేదీ దాటిపోతుందేమో. ఢిల్లీలో కాకుండా యూరప్‌లో విడగొడితే ఇంకా చౌకగా కనిపిస్తోంది. ఫ్రాంక్‌ఫర్ట్ వరకు ఒకటి, అక్కడి నుంచి ఒకటి. అదెలా ఉంటుంది?

గవర్నర్‌పేట మాజీ టికెటింగ్: అది అసలు వద్దు. రెండు టికెట్లు కాబట్టి బ్యాగులు ఫ్రాంక్‌ఫర్ట్‌లో తీసుకుని మళ్లీ ఇవ్వాల్సి రావచ్చు. అందుకు ఇమిగ్రేషన్ దాటి బయటికి రావాలి, అంటే షెంజెన్ వీసా కావాలి. అమెరికా వీసా ఉంటే లోపల విమానం మారడానికి పనికొస్తుంది గానీ జర్మనీలో అడుగుపెట్టడానికి కాదు. ఈ లెక్క ఇక్కడి కౌంటర్లోనే చూస్తారు, మొదటి విమానమే ఎక్కనివ్వకపోవచ్చు. కొన్ని ఎయిర్‌లైన్లు విడి టికెట్లున్నా బ్యాగుల్ని చివరిదాకా పంపుతాయి, చాలావి ఒప్పుకోవు. కౌంటర్లో మనిషి మంచితనం మీద ఆధారపడి టికెట్ కొనొద్దు.

విడగొట్టక తప్పదంటే మన దేశంలోనే విడగొట్టండి, అదీ ముందురోజు చేరేలా. ఒక రాత్రి హోటల్ ఖర్చు, బ్యాగుల ఖర్చు కలిపాక కూడా మిగిలితేనే. నా లెక్కలో మీకు మిగలదు. హైదరాబాద్ నుంచి చికాగోకు ఒకే టికెట్ ఎంతో చూశారా? గుంటూరు నుంచి శంషాబాద్‌కి కారులో అయిదారు గంటలు. కారు డిక్కీకి 15 కిలోల రూలు లేదు, టైరు పంచరైనా సర్దుకునేంత ముందు బయల్దేరొచ్చు.

కృష్ణలంక కుర్రాడు: అయినా అందరికీ అలా చెప్పకండి సార్. చిన్న బ్యాగుతో వెళ్లేవాడికి, ఒకరోజు అటూఇటూ అయినా ఫర్వాలేనివాడికి విడగొట్టడమే లాభం. నాకు రెండుసార్లకీ కలిపి తొమ్మిది వేలు మిగిలాయి.

గవర్నర్‌పేట మాజీ టికెటింగ్: మూడోసారి వెళ్లాక చెప్పు.

లక్ష్మీపురం అమ్మ: ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకుంటే ఇలాంటి దానికి ఇస్తారా? మేము తీసుకున్నాం గానీ క్లెయిమ్ అడగలేదు.

గవర్నర్‌పేట మాజీ టికెటింగ్: పాలసీ కాగితంలో మిస్సయిన కనెక్షన్ అన్న చోట చూడండమ్మా. విడి టికెట్లకు వర్తించదని కొన్నింట్లో రాసి ఉంటుంది, కొన్నింట్లో ఇన్ని గంటల గ్యాప్ ఉంటేనే అని. మీ కాగితం ఫొటో పెడితే చదివి చెప్తాను, పాలసీ నంబరు చెరిపేసి పెట్టండి.

బ్రాడీపేట అన్న: హైదరాబాద్ నుంచి ఇప్పుడే చూశాను, 71,200. కారు ఏడు వేలు అడుగుతున్నాడు. కలిపితే 78,200. నాన్నకి చూపిస్తే ఆ ఏడు వేలు కూడా ఎందుకు, బస్సులో వెళ్దాం అంటున్నారు.