అనిమే ఓపెనింగ్‌లో చూపించేది సూచనా, బురిడీనా?

నీలిగాజు:
మడోకా మాగికాలో ఆరో ఎపిసోడ్ అయింది. ఓపెనింగ్‌లో మడోకా గులాబీ దుస్తుల్లో మేజికల్ గర్ల్‌గా కనిపిస్తోంది, కథలో మాత్రం మేజికల్ గర్ల్ కావాలంటే చేసుకోవాల్సిన ఒప్పందమే ఇంకా చేసుకోలేదు. ఇది జరగబోయేదానికి సూచనా, లేక మనల్ని బురిడీ కొట్టించడమా? అసలు ఓపెనింగ్ చూసి కథ పసిగట్టొచ్చా?

ఫ్రేముల శాస్త్రి:
మీరు ఆరు దగ్గరే ఉన్నారు కాబట్టి ముందు కథ చెప్పను. చూసే పద్ధతి మాత్రం చెప్తాను. టీవీ ఓపెనింగ్ మామూలుగా 90 సెకన్లు, సెకనుకు 24 ఫ్రేముల చొప్పున 2,160 దాకా వస్తాయి. అన్నీ చూడక్కర్లేదు. mpv ప్లేయర్‌లో తెరిచి, బొమ్మ మారిన చోట ఆపి, `.` నొక్కితే ఒక ఫ్రేము ముందుకి, `,` నొక్కితే వెనక్కి వెళ్తుంది. పేర్లు పడే అంచుల్లో ఏముందో కనపడదు, అందుకని డిస్క్‌లో విడిగా ఇచ్చే పేర్లు లేని ఓపెనింగ్ తీసుకోండి. ఒక్కటి గుర్తుంచుకోండి. మడోకా తీసిన షాఫ్ట్ స్టూడియో వాళ్లు బ్లూరేకి చాలా బొమ్మలు మళ్లీ గీశారు. డిస్క్‌లో కనపడింది ప్రసారంలోనూ ఉందో లేదో పోల్చకుండా "ముందే చెప్పేశారు" అనకూడదు.

ఇక మీరు పట్టుకున్న బొమ్మ. "ఇది ఎప్పుడు జరుగుతుంది?" అని కాకుండా "ఇది ఎవరి కళ్లతో చూస్తున్నాం?" అని అడిగి చూడండి. పాట మాటల అనువాదం కూడా పక్కన పెట్టుకోండి. మిగతాది పదో ఎపిసోడ్ అయ్యాక.

తుఫాన్ మెయిల్:
పసిగట్టొచ్చు బ్రో, డౌటే లేదు. అటాక్ ఆన్ టైటాన్ రెండో సీజన్ ఓపెనింగ్‌లో టైటాన్లు, జంతువులు కలిసి గుంపుగా పరిగెత్తడం చూపించారు. క్లైమాక్స్‌లో గోడల్లోని టైటాన్లు లోకాన్ని తొక్కేస్తాయి కదా. 2017లోనే మొత్తం కథ చెప్పేశారు!

ఫ్రేముల శాస్త్రి:
తుఫాన్ గారూ, తేదీలు చూడండి. ఆ ఓపెనింగ్ 2017 ఏప్రిల్‌ది. మాంగాలో ఆ టైటాన్లు కదిలింది 2019లో, కథ ముగిసింది 2021లో. కానీ గోడల్లో టైటాన్లు ఉన్నాయన్న సంగతి 2013లో మొదటి సీజన్ చివరికే అందరికీ తెలుసు. తెలిసిన సంగతిని భారీగా గీసినా ఆ బొమ్మే వస్తుంది. ముగింపు తెలిసి గీశారనడానికి బొమ్మ ఒక్కటే సాక్ష్యం కాదు.

తుఫాన్ మెయిల్:
మరి డైనోసార్లు ఎందుకు పెట్టినట్టు? ఊరికే పెడతారా?

గోంగూర పచ్చడి:
ఇంత డొంకతిరుగుడు ఎందుకు, మడోకా క్లాసులోని హోమురా కాలాన్ని వెనక్కి తిప్పుతూ ఉంటుంది, ఓపెనింగ్ మొత్తం ఆవిడ జ్ఞాపకమే. పదో ఎపిసోడ్‌లో తెలిసిపోతుంది 😄

ఎద్దుమొండి:
ఇదిగో, నేను చెప్పేది ఇదే. పదో ఎపిసోడ్ అయ్యాక తెలిసేదాన్ని సూచన అనరు. కొత్తవాడు ఆరు దాకా చూసి ఆ బొమ్మ ఆధారంగా ఒక్క సరైన ఊహ చేయగలగాలి. ఇంకో మేజికల్ గర్ల్ మామి మూడో ఎపిసోడ్‌లో పోయింది, ఓపెనింగ్‌లో మాత్రం ఏమీ ఎరగనట్టు అలాగే ఉంది. అది దాచడమే కదా?

ఫ్రేముల శాస్త్రి:
గోంగూర గారు కుండ పగలగొట్టారు కాబట్టి ఇక దాచేదేం లేదు. నీలిగాజు గారూ, ఇక్కడితో ఆపేసి వెళ్లిపోండి.

ఎద్దుమొండి గారూ, మడోకా చివరికి మారేది పన్నెండో ఎపిసోడ్‌లో, మొదట గులాబీ దుస్తుల్లోనే ఉన్నా ఆఖరికి ఆమెది తెల్లటి పొడుగు గౌను. ఓపెనింగ్‌లో ఆ గౌను లేదు, ఉన్నది గులాబీ దుస్తులే. పదో ఎపిసోడ్‌లో హోమురా వెనక్కి తిప్పేసిన కాలాల్లోని మడోకా అది. అంటే ఆ బొమ్మ చెప్పేది జరగబోయేది కాదు, ఒకసారి జరిగి చెరిగిపోయింది. పాటలో "ఇచ్చిన మాట మరవను" అనేది మడోకా అని మనం అనుకుంటాం. నిజానికి ఆ మాట ఇచ్చింది హోమురా. అందుకే పదో ఎపిసోడ్‌లో ఆ పాటను మొదట్లో వేయకుండా చివర్లో వేశారు. అదే పాట, కానీ అప్పటికి వినేవాడు మారిపోయాడు. ఇంత పట్టుగా అమర్చినదాన్ని దాచడం అని కొట్టేయలేం.

ఎద్దుమొండి:
అందంగా అమర్చారు, కాదనను. అయినా ఆరో ఎపిసోడ్ ప్రేక్షకుడికి ఏం తెలిసింది? గుండుసున్నా. పైగా నల్లపిల్లి సంగతేంటి? ఓపెనింగ్‌లో పిల్లి ఉంది, పన్నెండు ఎపిసోడ్లలో దాని కథ ఎక్కడా చెప్పరు.

గోంగూర పచ్చడి:
పిల్లికి ఎయిమీ అని పేరుంది. డ్రామా సీడీలో ఉంది. మొదటి కాలంలో మడోకా కోరిన కోరికే ఆ పిల్లిని బతికించమని.

ఎద్దుమొండి:
చూశారా! సీడీ కొనుక్కున్నవాడికే అర్థమయ్యేది టీవీ ప్రేక్షకుడికి సూచన ఎలా అవుతుంది? పిల్లి గురించి సూటిగా జవాబు చెప్పండి.

ఫ్రేముల శాస్త్రి:
పిల్లి విషయం మీరన్నట్టే. ఆ ఒక్క బొమ్మ టీవీ కథలో తెగిన దారం. దాన్ని పట్టుకుని మిగతా అల్లికంతా లేదంటే ఎలాగండీ?

ఎద్దుమొండి:
మూడుసార్లు అడిగితే ఒప్పుకున్నారు!

తుఫాన్ మెయిల్:
రెండుసార్లే అడిగావన్నా 😂

చింతచెట్టు:
జోజో నాలుగో భాగంలో విలన్ కిరా కాలాన్ని వెనక్కి తిప్పే శక్తి వాడినప్పుడు ఓపెనింగే వెనక నుంచి ముందుకి నడుస్తుంది. దానికి డీకోడింగ్ అక్కర్లేదు, ఎవడికైనా తెలిసిపోతుంది. సూచన అంటే అలా ఉండాలి.

ఫ్రేముల శాస్త్రి:
అక్కడ శక్తి కథలోకి వచ్చాకే ఓపెనింగ్ మార్చారు. అది ముందుగా చెప్పడం కాదు, అప్పుడు జరుగుతున్నదాన్నే ఓపెనింగ్‌లోకి లాగడం. పైగా ఆ మాంగా 1990లలోనే అయిపోయింది, గీసేవాళ్లకి ప్రతి మలుపూ తెలుసు. మడోకా మాంగా నుంచి తీసింది కాదు. ముందే చదివి వచ్చినవాడెవడూ లేడు కాబట్టే అంత ధైర్యంగా గులాబీ దుస్తులు చూపించగలిగారు.

ఎద్దుమొండి:
గీసేవాళ్లు, గీసేవాళ్లు! మీరు ఎంతసేపూ వాళ్ల వైపు నుంచే మాట్లాడతారు. చూసేవాడు మీకు లెక్కలేదు. మీలాంటి వాళ్ల ఫ్రేము ఫ్రేము పోస్టుల వల్లే, ఏ సిరీస్ అయినా రెండో వారానికే ఎవరు చస్తారో బాణం గుర్తులు వేసి మరీ తెలిసిపోతోంది. నేను మూడేళ్లుగా ఓపెనింగ్ రాగానే స్కిప్ కొడుతున్నాను. సూచన లేదని కాదు నా బాధ. ఉంటే నాకొద్దు.

ఫ్రేముల శాస్త్రి:
ఆ ముక్క మొదటే అంటే పిల్లి దాకా వచ్చేవాళ్లం కాదు. కానీ స్కిప్ కొట్టినవాడికి పదో ఎపిసోడ్ చివర్లో ఆ పాట మామూలు ముగింపు పాటే. తొమ్మిదిసార్లు విన్నవాడికే పదోసారి తగులుతుంది.

ఎద్దుమొండి:
తగలకపోయినా ఫర్వాలేదు. నా కథ నాకు ముందే తెలియకపోతే చాలు.

చింతచెట్టు:
ఇద్దరూ చెరో ప్రశ్నకి జవాబు చెప్పుకుంటున్నారు. ఈయనది "పెట్టారా?" అని, ఆయనది "నాకెందుకు?" అని.

నీలిగాజు:
నేను ఆరో ఎపిసోడ్‌లో ఉన్నానని మొదటి వాక్యంలోనే రాశాను. శాస్త్రిగారు ఆపేసి వెళ్లిపోమనేసరికి గోంగూర గారి ముక్క చదివేశాను, తర్వాత ఎలాగూ ఆగలేకపోయాను.

గోంగూర పచ్చడి:
సారీ అండీ. పిల్లి సంగతి మాత్రం నిజంగా సిరీస్‌లో లేదు, అది స్పాయిలర్ కిందికి రాదు.