పచ్చగా ఉంటే పారట్‌ఫిష్షేనా? ఎలిఫెంట్ బీచ్ ఫొటోల పంచాయితీ

ఉప్పల్ శ్రీను: అండమాన్‌ల హావ్‌లాక్‌లో ఎలిఫెంట్ బీచ్ దగ్గర తీసిన ఫొటోలు రెండున్నయి. మొదటిది పచ్చ, నీలం కలిసిన సన్నటి చేప, తోక నడుమ పసుపు. రెండోది మట్టిరంగు, వెనక సగంల తెల్ల చుక్కలు. అసొంటివి ఆరేడు కలిసి తిరుగుతున్నయి. గైడేమో రెండూ పారట్‌ఫిష్షే అన్నడు. జీవుల ఫొటోలు పెట్టి పేర్లు తేల్చే ఐనాచురలిస్ట్ సైట్‌ల పెట్టాలె. రంగు చూసి జాతి పేరు రాస్తే నడుస్తదా?

కొత్తపేట రవి: రాసేయండి. పారట్‌ఫిష్‌లో ఆడవి మట్టిరంగు, మగవి పచ్చ. మీకు ఒకే జాతిలో రెండూ దొరికాయి, అంతే.

సైనిక్‌పురి లత: రవి గారూ, చాలా పారట్‌ఫిష్‌లు ముందు ఆడవిగా మట్టిరంగులో ఉండి, తర్వాత మగవిగా మారి పచ్చబడతాయి. అంతవరకు ఒప్పుకుంటాను. కానీ కొన్ని జాతుల్లో పుట్టుకతోనే మగవైన చిన్నవీ మట్టిరంగులోనే తిరుగుతాయి. కాబట్టి మట్టిరంగు చూసి ఆడదని తేల్చలేం.

అంతకన్నా పెద్ద చిక్కు మొదటి ఫొటోలో ఉంది. శ్రీను గారూ, మూతి మీద జూమ్ చేయండి. పారట్‌ఫిష్ పళ్లు అతుక్కుపోయి చిలక ముక్కులా ఉంటాయి. ఒళ్లు బరువుగా, పొలుసులు పెద్దగా కనిపిస్తాయి. ఈ చేప మూతి కోసుగా ఉంది, ముక్కు లేదు. తల మీద గులాబీ గీతలు, పక్క రెక్క గులాబీ రంగులో ఉండి అంచున నీలం, తోకలో పసుపు నెలవంక. ఇది పారట్‌ఫిష్ కాదు, మూన్ రాస్ అనే వేరే చేప. పక్క రెక్కలతో తెడ్డు వేసినట్టు ఈదడం రెండింటికీ ఉంది కాబట్టే గైడ్‌లు కూడా పొరబడతారు.

ఉప్పల్ శ్రీను: జూమ్ చేసి చూసిన. మొదటిదానికి ముక్కు లేదు, రెండోదానికి ఉంది. కానీ ఫొటోల అంతా నీలంగనే కొడుతున్నది. ఆటో కలర్ నొక్కితే మట్టిరంగుది ఎర్రగైంది.

సైనిక్‌పురి లత: ఆ ఎరుపును నమ్మకండి. నీళ్లు ముందు మింగేది ఎరుపునే. చేప రెండు మీటర్ల లోతులో, మీకు మూడు మీటర్ల దూరంలో ఉంటే వెలుతురు దాదాపు ఐదు మీటర్ల నీళ్లు దాటి వచ్చినట్టు. అప్పటికే ఎరుపు చాలావరకు పోయి ఉంటుంది. పోయిన రంగును ఫోన్ అంచనా వేసి పూస్తుంది. అసలు ఫైలే ఉంచుకుని, ఫ్రేమ్‌లో తెల్ల ఇసుక ఏ రంగులో వచ్చిందో చూసి, ఆ మేరకు చేప రంగును తగ్గించి చదవండి. మూతి, తోక ఆకారం, మచ్చలు ఉన్న చోటు మాత్రం నీళ్లు మార్చలేవు.

బోయిన్‌పల్లి ట్యాంక్: మధ్యలో నాదొకటి. మాల్దీవ్స్‌లో తీసిన క్లౌన్‌ఫిష్. మన అక్వేరియం షాపుల్లో పెర్క్యులా అని అమ్మేది ఇదే కదా? మిగతా రెండు తెల్ల చారలు ఫొటోలో పడలేదు, తల వెనక ఒక్కటే ఉంది.

సైనిక్‌పురి లత: చారలు పడకపోవడం కాదు, ఆ చేపకు ఉన్నదే ఒక్క చార. పొట్ట కింది రెక్కలు నల్లగా ఉంటే అది నైగ్రిపెస్ అనే వేరే క్లౌన్‌ఫిష్. అసలైన పెర్క్యులా న్యూగినీ, సాలమన్ దీవులు, వనువాటు, ఉత్తర క్వీన్స్‌లాండ్ వైపుది. మాల్దీవ్స్‌లోనే కాదు, అండమాన్‌లోనూ అది దొరకదు. అండమాన్‌లో మూడు చారలతో కనిపించే నారింజ రంగుది ఆసిలారిస్. పెర్క్యులాను, ఆసిలారిస్‌ను వీపు ముళ్లు లెక్కపెట్టి విడదీయాలని పుస్తకాల్లో ఉంటుంది. సెలవుల్లో తీసిన ఫొటోలో ముళ్లు ఎవరు లెక్కపెడతారు? ఏ ఊళ్లో తీశారో చెబితే సగం పని అయిపోతుంది.

కొత్తపేట రవి: సరే, పచ్చదాని విషయంలో నాదే తప్పు. రెండోది మాత్రం బుల్లెట్‌హెడ్ పారట్‌ఫిష్. వెనక చుక్కల వరసలు స్పష్టంగా ఉన్నాయి. జాతి పేరు ఎందుకు రాయకూడదు?

సైనిక్‌పురి లత: తోక మొదట్లో తెల్ల పట్టీ, దాని మధ్య నల్ల మచ్చ ఉన్నాయా?

ఉప్పల్ శ్రీను: ముందున్న చేపకైతే లెవ్వు. వెనక ఒకదానికి ఉన్నట్టే కొడుతున్నది, కానీ మసకగుంది.

కొత్తపేట రవి: ఇంకేం! ఈ జాతి ఆ పట్టీని, చుక్కల్ని క్షణాల్లో చూపిస్తుంది, క్షణాల్లో దాచేస్తుంది. గుంపులో ఒకదానికి ఉంటే చాలు.

సైనిక్‌పురి లత: మార్చుకుంటుందన్న మాట నిజమే. కానీ మట్టిరంగు పారట్‌ఫిష్‌లు వేర్వేరు జాతులవి కలిసి మేస్తాయి. వెనకది బుల్లెట్‌హెడ్ అయినంత మాత్రాన ముందుది అదే కానక్కర్లేదు. నేనైతే ముందుదానికి పారట్‌ఫిష్ అని మాత్రమే రాసి, వెనకదాన్ని కత్తిరించి వేరే ఎంట్రీగా పెడతాను.

కొత్తపేట రవి: ముందుదాని చుక్కలు మీకు లెక్కలోకి రావా? నేను జాతి పేరే రాస్తాను. కాదనేవాళ్లు కింద వాళ్లకు తోచిన జాతి పేరు పెట్టుకుంటారు.

ఉప్పల్ శ్రీను: అదే గుంపుది పది సెకన్ల వీడియో ఉన్నది. ఫ్రేమ్‌లు తీసి రేపు పెడత.